కత్తి పక్కన పెట్టిన రోజులు

మా షాపు బోధన్‌లో నిజామాబాద్ పోయే రోడ్డు మీద ఉంటుంది. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, బయట ఒక బెంచీ. షాపు మా నాన్న పెట్టినది, బాపు అంటాం మేము. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో పొద్దుటి షిఫ్టుకు పోయే కార్మికులు సైరన్ మోగకముందే ఆ బెంచీ మీద వరుస కట్టేవారట. ఫ్యాక్టరీ మూతపడింది, సైరన్ ఆగిపోయింది, మా షాపు మాత్రం ఆగలేదు. అది మా ఇంటి గర్వం. నేను దాచుకోను.

నాకు పదహారేళ్లు వచ్చాక బాపు పని నేర్పాడు. మొదటి ఆరు నెలలు కత్తి ముట్టనియ్యలేదు. నురగ పెట్టడం ఒక్కటే పని. "మనిషి మెడ ఎత్తి మన ముందల కూసున్నడంటే నమ్మి కూసున్నట్టు. ఆ నమ్మకానికి గీటు పడొద్దు" అనేవాడు. తర్వాత ఇరవై రెండేళ్లు నా చేతి కింద ఎవరికీ గీటు పడలేదు. పైగా నాది వేగం. మంచి గడ్డం ఎనిమిది నిమిషాల్లో గీసేవాణ్ణి. బస్సు హారన్ కొడుతుంటే కూర్చుని, గడ్డం గీయించుకుని, అదే బస్సెక్కినవాళ్లు ఉన్నారు. అట్లా నా పేరు ఊళ్లో నిలబడింది.

రెండేళ్ల కింద, చలికాలం, చెరుకు కోతలు జోరుగా సాగుతున్న రోజులవి. పొద్దున తొమ్మిది కావస్తుండగా ఒకాయన బండి ఆపి లోపలికి వచ్చాడు. నాకు తెలిసిన మనిషి కాదు. ముప్పై దాటి ఉంటాయి. మహారాష్ట్ర బార్డరు దగ్గరి పల్లె వాళ్ల మాదిరిగా తెలుగులో మరాఠీ యాస కలిపి మాట్లాడాడు.

"అన్నా, జర జల్ది కానియ్యి. మా అక్కకు బిడ్డ పుట్టింది. నిజామాబాద్ దవాఖానల ఉన్నది. గీ గడ్డంతోని పోతే పసిదాన్ని ముట్టనియ్యదు, తిడ్తది."

నవ్వుతూ గీశాను. ఎనిమిది నిమిషాలు కూడా పట్టలేదు. చివర లోషన్ చల్లి, రెండు చెంపలూ తట్టాను. ఆయన అద్దంలో అటూ ఇటూ చూసుకుని, మీసం దువ్వుకుని, "బెస్ట్ చేసినవ్" అని పోయాడు.

బండి స్టార్టయిన చప్పుడు విన్నాను. తర్వాత లారీ బ్రేకు అరుపు విన్నాను. చెరుకు ట్రాలీని దాటబోయి ఆయన బండిని గుద్దిన లారీ అది. మా గడప నుంచి ముప్పై అడుగులు కూడా ఉండదు. నేను తువ్వాలు దులుపుతూ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. అంతా చూశాను.

పరిగెత్తిపోయి ఆయన పక్కన కూలబడ్డాను. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. ఆయన చెయ్యి నా రెండు చేతుల్లో పెట్టుకున్నాను. ఆయన చెంప దగ్గర నేను చల్లిన లోషన్ వాసనే వస్తోంది. అంబులెన్సు వచ్చింది, ఎక్కించారు. మధ్యాహ్నానికి తెలిసింది, ఆయన దవాఖాన చేరకముందే పోయాడని.

చేతులు కడుక్కుని షాపు మూశాను. మరునాడు మామూలుగా తెరిచాను. మూడో రోజు కానిస్టేబుల్ వచ్చి నేను చూసింది రాసుకున్నాడు. ట్రాలీ ఎటు ఉంది, లారీ ఎటు నుంచి వచ్చింది, బండి ఎక్కడ పడింది, అన్నీ వరసగా చెప్పాను. గొంతు వణకలేదు. కంట్లో తడి లేదు. "గట్టి మనిషివన్నా నువ్వు" అన్నాడు. నాకు గర్వంగానే అనిపించింది. గట్టితనం కాదు అది, మొద్దుబారడం అని నాకు అప్పుడు తెలియదు.

ఆ మొద్దుబారడాన్ని ముందు పట్టుకున్నది మా ఇంటామె. బీడీలు చుడుతూ చాట ముందు నుంచి కదలకుండానే ఇల్లంతా చూసే మనిషి. మా బిడ్డ బడిలో పరుగుపందెంలో ఫస్టు వచ్చి కప్పు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మంచిది" అన్నాను, కప్పు పక్కన పెట్టాను. బిడ్డ ముఖం చిన్నబోయింది. అది చూశాను కూడా. చూసినా లోపల ఏమీ కదలలేదు. మధ్యలో మందమైన అద్దం పెట్టి, అవతల మా ఇల్లు నడుస్తున్నట్టు ఉంది. అన్నం తింటే ఉప్పుకారం తెలియడం లేదు.

"మాటకు మాట జవాబిస్తున్నవ్ గని, మనిషివి ఇంట్ల లేవు" అంది ఆమె.

"పని ఎక్కువైంది" అన్నాను.

రెండో వారం దాటాక ఉలికిపాట్లు మొదలయ్యాయి. కుక్కరు కూత పెడితే లేచి నిలబడేవాణ్ణి. స్టీలు పళ్లెం కిందపడితే గుండె దడదడా కొట్టుకుని, తగ్గడానికి చాలాసేపు పట్టేది. నిద్ర ముక్కలైంది. దానివల్ల చిన్నచిన్న వాటికి చిరాకు. ఎన్నడూ గొంతు పెంచనివాణ్ణి, చాయ్ చల్లారిందని అరిచాను.

అన్నిటికంటే భయపెట్టింది మాత్రం ఇంకొకటి. ఒక రోజు ఒకాయనకు గడ్డం అయ్యాక లోషన్ సీసా మూత తీశాను. అంతే. షాపు లేదు, అద్దం లేదు, కుర్చీ లేదు. నేను రోడ్డు మీద ఉన్నాను. మోకాళ్ల కింద కంకర గుచ్చుకుంటోంది. చేతిలో ఆయన చెయ్యి ఉంది. గుర్తుకు రావడం అంటే ఎట్లా ఉంటుందో మనందరికీ తెలుసు కదా, ఇది గుర్తుకు రావడం కాదు. అది మళ్లీ అప్పుడే జరుగుతోంది. "అన్నా, గదంత నా మీన పోస్తవా?" అని కుర్చీలో మనిషి అనేదాకా నాకు తెలివి లేదు. సగం సీసా ఆయన చొక్కా మీద కారింది.

ఆ తర్వాత నేను తెలివైన పనులు అనుకుని చాలా చేశాను. లోషన్ సీసా బీరువాలో పెట్టి తాళం వేశాను. నా వీపు రోడ్డుకు ఉండేట్టు కుర్చీ తిప్పాను. ఇంటికి పోయేటప్పుడు ఆ ముప్పై అడుగులు తగలకుండా వెనక సందులోంచి పోవడం మొదలుపెట్టాను. ఒకటి దాచిన రోజు ప్రాణం తేలికపడేది. మరునాటికి కొత్తగా ఇంకోటి దాచాల్సి వచ్చేది. దోస్తు ఒకడు రెండు పెగ్గులు వేస్తే మత్తుగా నిద్ర పడుతుందన్నాడు. వేశాను. నిద్ర పట్టింది గానీ, తెల్లారకముందే మెలకువ వచ్చి కలలు రెండింతలైనట్టు ఉండేది. నాలుగు రోజులకు మానేశాను. కన్నతల్లి కదా, మా అవ్వ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టినప్పుడు కాసేపు హాయిగా ఉండేది. ఆ హాయి నిజమే. దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ తిరిగి షాపుకు పోతే లారీ లారీయే, లోషన్ లోషనే.

నెల కావస్తుండగా ఒక పొద్దు రిటైరైన టీచరు సారు వచ్చారు. పదిహేనేళ్లుగా రోజు విడిచి రోజు నా దగ్గరే గడ్డం. మెడ ఎత్తి కళ్లు మూసుకున్నారు. నేను చెవి కింద కత్తి ఆనించాను. బయట లారీ ఆగింది. ఎయిర్ బ్రేకు ఉస్సుమంది.

నా చెయ్యి ఎగిరిపడింది. చర్మం మీద సన్నటి ఎర్ర గీత.

లోతేమీ లేదు. పటిక రాస్తే ఆగిపోయే గీత. అయినా నేను కత్తి అరలో పెట్టి, రెండు అడుగులు వెనక్కి వేసి, గోడకు ఆనుకుని నిలబడ్డాను. సారు తనే పటిక ముక్క తడిపి చెవి కింద అద్దుకున్నారు.

"తెగింది నాకు. నువ్వెందుకు అంత తెల్లవడ్డవ్?" అన్నారు. "గా యాక్సిడెంటు కాంచి సూస్తున్న. నువ్వు నువ్వు లెక్క లేవు."

ఇరవై రెండేళ్లలో మొదటిసారి, సగం గీసిన గడ్డంతో ఒక మనిషిని ఎదురుగా పెట్టుకుని, "నాతోని అయితలేదు సారు" అన్నాను. ఆ మాట అని బయటికి నడిచాను. బెంచీ మీద కూర్చున్నాను.

సారు సబ్బు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. వాళ్ల ఇంట్లో మేనకోడలికి ఇట్లాగే అయిందట, ఇల్లు అంటుకున్నప్పుడు. "నిజామాబాద్ పెద్ద దవాఖానల దీనికి డాక్టర్లున్నరు. మనసుకు సంబంధించిన వార్డు. పిచ్చికి అనుకోకు. చూడరానిది చూసిన మనిషికి ఇట్ల అయితది, బాగైతది కూడ. పోయిరా."

పోలేదు. ఆ వార్డు ముందు వరసలో నన్నెవరైనా చూస్తే ఏమనుకుంటారు? పిచ్చోడి దగ్గర గడ్డం ఎవరు గీయించుకుంటారు? చెయ్యి బెణికిందని ఊరంతా చెప్పాను. మిషన్‌తో కటింగు ఒక్కటే చేశాను. బెంచీ మీద గడ్డం కోసం వచ్చినవాళ్లు లేచి వేరే షాపులకు పోతుంటే తల ఎత్తలేకపోయాను. బాపు అంతా చూస్తూ ఏమీ అనలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

అట్లా ఇంకో వారం పోయింది. ఒక సాయంత్రం మా ఇంటామె బీడీల చాట పక్కకు జరిపి లేచి నిలబడింది.

"రేపు పని బంద్ పెడుతున్న. ఏడింటి బస్సుకు నిజామాబాద్ పోతున్న. నువ్వొస్తే నీతోని పోత. రాకుంటే నేనొక్కదాన్నే పోయి నీ సంగతి చెప్పి, ఏం చెయ్యాల్నో అడిగొస్త."

"నేను లేకుండ నువ్వేం చెప్తవ్?"

"అన్నీ చెప్త. కుక్కరుకు లేచి ఉరికేది చెప్త. బిడ్డ కప్పు తెస్తే సూడంది చెప్త. నాకన్న ఎక్కువ నీకు తెలుసా నీ గురించి?"

పొద్దున ఏడింటి బస్సులో కిటికీ వైపు ఆమె కూర్చుంది, రోడ్డు నాకు కనబడకుండా. దారిలో ఎడపల్లి దాటేదాకా నా మణికట్టు వదలలేదు.

దవాఖానలో డాక్టరు సారు పెద్ద వయసాయన. నిద్ర, తిండి, తాగుడు అన్నీ అడిగారు. తర్వాత నేరుగా, "బతుకొద్దని ఎప్పుడన్న అనిపించిందా?" అన్నారు. లేదన్నాను, నిజంగానే లేదు. కానీ అంత మాట ఎదుటి మనిషి అంత మామూలుగా అడగగలడని తెలిసి గుండె మీద బరువు కొంత తగ్గింది.

"ఇసుంటిది చూసినంక మొదటి కొన్ని వారాలు ఇట్ల ఉండుడు చానమందికి ఉంటది. ఎక్కువమందికి దానంతటదే తగ్గిపోతది. మీకు నెల దాటింది, పని ఆగింది, కాబట్టి ఊరుకోవద్దు. ఇది పిరికితనం కాదు. మీ మెదడు ఇంకా మిమ్మల్ని కాపాడుతున్న అనుకుంటున్నది. ఆపద అయిపోయిందని దానికి తెల్వలే. అది నేర్పాలె." గోలీలు ఇప్పటికి అవసరం లేదన్నారు. తాగొద్దన్నారు, చాయ్ తగ్గించమన్నారు. పక్క గదిలో ఉన్న సైకాలజిస్టు మేడం దగ్గరికి పంపారు.

ఆమె మా పెద్దమేనకోడలి వయసు అమ్మాయి. ఈమె ఏం చెప్తుందిలే అనుకున్నాను. యాక్సిడెంటు గురించి అడుగుతుందని పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఆమె అడగలేదు.

"గడ్డం ఎట్ల గీస్తరో నాకు తెల్వదు. మొదటి నుంచి చెప్పండి" అంది.

వేడినీళ్ల తువ్వాలు దగ్గర మొదలుపెట్టాను. వెంట్రుక ఎటు మొలిస్తే అటే ముందు గీయాలని, మెడ దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో ఎట్లా సాగదీయాలో, గుంట పడిన చెంప ఉన్నవాళ్లకు నాలుకతో లోపలి నుంచి ఎట్లా నొక్కమంటామో, అన్నీ చెప్పాను. చెప్తుంటే నా వీపు నిటారుగా అయింది. చాలా రోజుల తర్వాత నా గొంతు నాకే తెలిసినట్టు అనిపించింది. "మరి ఈ పని వచ్చిన చెయ్యి ఎటూ పోలే. ఇక్కడనే ఉన్నది" అంది ఆమె. ఇంటామె పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది.

మొదటి వారం రెండే పనులు ఇచ్చింది. ఒకటి, ఊపిరి నెమ్మదిగా తీసుకుని, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలడం. రెండోది, ఆ రోడ్డు నన్ను లాక్కుపోయినప్పుడు చెయ్యాల్సింది. రెండు పాదాలు నేలకు గట్టిగా ఆనించాలి, కళ్లకు కనబడేవి పేరుపేరునా చెప్పుకోవాలి, చల్లటిది ఏదన్నా పట్టుకోవాలి. "మీ దగ్గర చల్లగ ఏముంటది?" అంటే పటిక అన్నాను. అట్లా తడి పటిక ముక్క నా జేబులోకి వచ్చింది. అద్దం, కత్తెర, క్యాలెండరు, బెంచీ, బాపు చెప్పులు అని గొణుక్కుంటూ పటిక పిడికిట్లో బిగించేవాణ్ణి. మొదట్లో చాలాసేపు పట్టేది. పోనుపోను తొందరగా తిరిగి వచ్చేవాణ్ణి.

నాలుగోసారి పోయినప్పుడు ఆ పొద్దు సంగతి చెప్పడం మొదలైంది. బలవంతం లేదు. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపేది. నేను ఎంత చెప్పినా ఆ చెయ్యి పట్టుకున్న చోటే ఆగిపోయేవాణ్ణి. "తర్వాత ఏమైంది?" అంది. తర్వాత ఏమైందో నేను ఎన్నడూ తలుచుకోలేదని అప్పుడు తెలిసింది. అంబులెన్సు వచ్చింది. ఎక్కించారు. వాళ్లలో ఒకరు నా భుజం తట్టారు. నేను లేచాను. షాపుకు వచ్చాను. చేతులు కడుక్కున్నాను. "అంటే అది అక్కడ అయిపోయింది" అంది ఆమె. అయిపోయింది. ఆ చివరి ముక్క దాకా చెప్పగలిగిన రోజు నేను ఏడ్చాను. రెండు నెలల తర్వాత వచ్చిన ఏడుపు అది.

ఇంకో ముల్లు మిగిలింది. అది తీయడానికి రెండు మూడు వారాలు పట్టింది. "నా వేగమే ఆయన్ని చంపింది మేడం. రెండు నిమిషాలు నెమ్మదిగ గీస్తే లారీ దాటిపోతుండె" అన్నాను. కాదు కాదు అని ఆమె కొట్టిపారేయలేదు. "కత్తి పట్టుకున్నప్పుడు లారీ వస్తదని మీకు తెలుసా?" అంది. తెలియదు. "మీకు తెలిసింది ఏంది?" ఆలోచించాను. అక్కను చూడాలని తొందరపడుతున్నాడని తెలుసు. "ఆ తెలిసినదానికి మీరేం చేసిన్రు?" మంచిగా చేశాను. తొందరగా చేశాను. నవ్వుతూ పంపాను. ఆ మాటను బస్సులో బోధన్ దాకా తెచ్చుకున్నాను.

ఇంటి దగ్గర పనులు వేరే. ఒక కాగితం మీద నేను తప్పించుకుంటున్నవన్నీ, తక్కువ భయం నుంచి ఎక్కువ భయం దాకా రాయించింది మేడం. కింది మెట్టు నుంచి ఎక్కాలి, తొందరలేదు. ముందు కుర్చీ మళ్లీ రోడ్డు వైపు తిప్పాను. తర్వాత సందు వదిలి రోడ్డు మీదుగా ఇంటికి. రోజూ సాయంత్రం మా ఇంటామె వచ్చి నాతో పాటు ఆ ముప్పై అడుగులు నడిచేది. మొదటి రోజు పది అడుగులకే చెమట పట్టింది. "పదన్న అయినయ్ గదా" అంది. ఆరో రోజు ఆ చోట నిలబడి, గుండె దడ తగ్గేదాకా కదలకుండా ఉన్నాం. పక్కన పండ్ల బండి ఆయన మమ్మల్ని వింతగా చూశాడు. ఆమె రెండు జామకాయలు కొని ఒకటి నాకు ఇచ్చింది. ఉప్పుకారం చల్లినది. దాని రుచి నాకు తెలిసింది. తెలిసిందని ఆమెకు చెప్పాను. రోడ్డు మీదే నవ్వింది.

లోషన్ సీసా బయటికి వచ్చింది. నురగ నా ముఖానికే పెట్టుకుని, నా గడ్డం నేనే గీసుకున్నాను. కాగితం మీద చివరి మెట్టు మిగిలింది.

ఆ పొద్దు బాపు ఎవరూ చెప్పకుండానే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎనభైకి దగ్గర వయసు, మెడ చర్మం వదులు, గీయడానికి అన్నిటికంటే కష్టమైన ముఖం.

"బాపూ, ఇంకెవరన్న వస్తరు తియ్యి."

"నా గడ్డానికేమైంది? మూడ్రోజుల సంది పెంచిన" అన్నాడు.

నురగ పెట్టాను. బాపు ఊరుకోలేదు, "గీ దిక్కు సాలలె... బ్రష్షు గట్ల తిప్పొద్దని ఎన్నిసార్లు చెప్పిన" అంటూనే ఉన్నాడు. ఆ సణుగుడు నాకు ఆ గదిలోనే ఉండడానికి పనికొచ్చింది. ఒక చెంప అయింది. మెడ కిందికి వచ్చాను. సరిగ్గా అప్పుడే బయట లారీ ఉస్సుమంది.

గుండె ఎగిరింది. కత్తి మాత్రం, నేను అనుకోకుండానే, చర్మం నుంచి పైకి లేచి గాలిలో ఆగింది. పాదాలు నేలకు ఆనించాను. అద్దం, కత్తెర, క్యాలెండరు. ఎడమ చేతిలో పటిక. ఊపిరి వదిలాను. బాపు అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. మెడ ఎత్తినది దించలేదు.

"ఆగినవ్ గదా" అన్నాడు. "గది పనితనం. గీకుడు ఎవ్వడన్న గీకుతడు."

మిగతా గడ్డం పూర్తి చేశాను. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఒక్క గీటు లేదు. నా జీవితంలో నేను గీసిన అన్ని గడ్డాల్లో నాకు గర్వమైనది అదే. మరునాడు టీచరు సారుకు కబురు పెట్టాను. ఆయన వచ్చి ఎప్పటిలా కళ్లు మూసుకుని మెడ ఎత్తారు.

ఎండలు ముదిరిన తర్వాత ఒక మధ్యాహ్నం ఒకామె పసిబిడ్డను ఎత్తుకుని గడపలో నిలబడింది. పక్కన వాళ్లాయన. ఎవరో అడగకముందే అర్థమైంది. పోలీసు కాగితాల్లో నా షాపు సంగతి చూసి వెతుక్కుంటూ వచ్చారు.

"మా తమ్మునికి ఆఖరుకు గడ్డం గీసింది మీరేనా అన్నా?"

కూర్చోబెట్టాను. నీళ్లు ఇచ్చాను. కొన్ని నెలల కింద అయితే నేను వెనక తలుపు నుంచి పారిపోయేవాణ్ణి. ఇప్పుడు వాళ్ల ఎదురుగానే కూర్చున్నాను.

"మీరు తిడ్తరని గడ్డం గీసుకున్నడమ్మా. గట్ల పోతే పసిదాన్ని ముట్టనియ్యదు మా అక్క అన్నడు."

ఆమె ఒక్కసారిగా నవ్వింది. నవ్వులోంచే ఏడుపు వచ్చింది. కాసేపటికి తేరుకుని, తాను అడగడానికి వచ్చింది అడిగింది. "ఒక్కడే ఉండెనా?"

"లేడమ్మా. చెయ్యి నా చేతుల ఉండె. అంబులెన్సు ఎక్కేదాక ఇడువలేదు."

ఆమె బిడ్డను నా చేతుల్లో పెట్టింది. మామ ముట్టాలనుకున్న బిడ్డ. బరువుగా, వెచ్చగా ఉంది. నాకు లోపల అంతా కదిలింది. నొప్పి కూడా ఉంది. ఏ అద్దమూ అడ్డం లేదు.

అంతటితో అంతా పోయిందని చెప్పను. ఆ వానాకాలం నందిపేట్‌లో మా చుట్టాల పెళ్లికి పోయాం. బారాత్ ఊరేగింపు ముందు ఒక్కసారిగా పటాకుల దండ అంటించారు. నేను నలుగురిలో కుర్చీ వెనక గొంతుక్కూర్చున్నాను. కొందరు నవ్వారు. పటిక తీసి, ఊపిరి వదిలి, రెండు నిమిషాల్లో లేచి నిలబడ్డాను. సిగ్గుతో ముఖం కాలింది. మళ్లీ మొదటికి వచ్చానా అనుకున్నాను. "పడ్డది ఒక్క మెట్టే, కిందిదాక కాదు" అని మేడం ఒకసారి అన్నది గుర్తు తెచ్చుకున్నాను.

"ఏమైందే మీ ఆయనకు?" అని భోజనాల పంక్తిలో పెద్దమ్మ ఒకామె మా ఇంటామెను అడిగింది. ఆమె గొంతు తగ్గించి ఏదో సర్దిచెప్తుందనుకున్నాను. తగ్గించలేదు.

"కండ్ల ముంగట మనిషి పోవుడు సూసిండు పెద్దమ్మా. రెండు నెలలు గడ్డం గీయలేకపోయిండు. పెద్ద దవాఖానకు పోయి, తొమ్మిదిసార్లు కూసోని మాట్లాడి, మంచిగైండు. ఇప్పుడు మళ్ల షాపు నడుపుతుండు. గిదొక్కటి కొంచెం మిగిలింది, గది కూడ పోతది."

పక్క పంక్తుల్లో తలలు మా వైపు తిరిగాయి. మా ఇంటామె నా విస్తట్లో ఇంకో జిలేబీ వేసింది. ఆమె పక్కన కూర్చున్నందుకు నాకు అంత గర్వం ముందెన్నడూ కలగలేదు.

మరునాడు పొద్దున షాపు తెరిచేసరికి ఆ పెళ్లిలో చూసిన చుట్టమొకాయన బెంచీ మీద ఉన్నాడు. చెరుకు ట్రాక్టరు నడుపుతాడు. గడ్డం కోసమేమో అనుకుని తువ్వాలు దులిపాను. ఆయన కుర్చీ దగ్గరికి రాలేదు. మూడు నెలల కింద తన ట్రాలీ వెనక ఒక బండి గుద్దుకుందట. మనిషి బతికాడట గానీ, ఆ చప్పుడు చెవుల నుంచి పోవడం లేదట. స్టీరింగు పట్టుకుంటే చేతులు తిమ్మిరెక్కుతున్నాయట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట.

"అన్నా, గా దవాఖానల ఏ రూముకు పోవాలె?" అన్నాడు, నేల చూస్తూ.

గేటు దాటి, మెట్లెక్కి, ఎడమకు తిరిగి, అని చెప్పబోయాను. మొదటిసారి ఆ తలుపు ముందు నా కాళ్లు ఎట్లా ఆగిపోయాయో తలపుకు వచ్చింది.

"ఉండు, నేను కూడ వస్త" అని షట్టర్ దించాను.